70 శాతం గెలుస్తున్నా ఖాతా ఎందుకు తగ్గుతోంది?

కొంగారెడ్డిపల్లె వాసు:
నిఫ్టీ ఆప్షన్స్ ఒక్క లాట్ కొని అదే రోజు అమ్మేస్తాను. 50 ట్రేడ్లలో 35 గెలిచాను. గెలిచినప్పుడు సగటున 900 వచ్చింది, ఓడినప్పుడు సగటున 2,400 పోయింది. ఖాతా చూస్తే 8,000 తగ్గింది. ఈ పద్ధతి మంచిదా, చెడ్డదా? మానేయాలా, సరిచేసుకోవాలా?

మంగళం మధు:
తమ్ముడూ, విన్ రేట్ పట్టుకుని వేలాడకు. నేను 40 శాతమే గెలుస్తాను. గెలిస్తే 2,000, ఓడితే 1,000. పదింటిలో నాలుగు గెలిస్తే 8,000 వస్తుంది, ఆరు ఓడితే 6,000 పోతుంది, 2,000 మిగులుతుంది. అంటే ట్రేడుకు 200. లాభం తీసుకునే టార్గెట్‌ను, నష్టం ఆపే స్టాప్‌లాస్‌కు రెండింతలు పెట్టుకో, పని అయిపోతుంది. విన్ రేట్ అసలు లెక్కలోకే రాదు.

భవానీనగర్ సుధ:
వాసు గారూ, మీరిచ్చిన అంకెలతోనే ఒక్క ట్రేడుకు సగటున ఎంత మిగులుతుందో చూడండి.

```
0.70 × 900 − 0.30 × 2400 = 630 − 720 = −90
```

ట్రేడుకు 90 చొప్పున 50 ట్రేడ్లకు 4,500 నష్టం. కానీ మీ ఖాతాలో తగ్గింది 8,000. మిగతా 3,500 ఎక్కడికి పోయింది? 900, 2,400 అనే సగటులు యాప్‌లో లాభనష్టాల పేజీ చూసి వేసినట్టున్నారు. చాలా యాప్‌లలో ఆ పేజీలో చార్జీలు తీసేయక ముందు అంకె ఉంటుంది. సాయంత్రం మెయిల్‌కు వచ్చే కాంట్రాక్ట్ నోట్ తెరిచి చూడండి. కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20 బ్రోకరేజ్, దాని మీద జీఎస్టీ, అమ్మకం మీద ఎస్‌టీటీ, ఎక్స్చేంజ్ చార్జీలు, స్టాంప్ డ్యూటీ, అన్నీ కలిపితే ఒక లాట్‌కు 70 దగ్గర తేలుతుంది. 50 ట్రేడ్లకు 3,500. ఇప్పుడు లెక్క ఖాతాతో సరిపోయింది. మీ అసలు ఎక్స్‌పెక్టెన్సీ, అంటే ట్రేడుకు సగటున మిగిలేది, మైనస్ 90 కాదు, మైనస్ 160.

ఎవరైనా ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. ట్రేడుకు వచ్చిన సగటును ట్రేడ్ల సంఖ్యతో గుణిస్తే ఖాతాలో వచ్చిన మార్పు రావాలి. రాకపోతే సగటుల్లో ఏదో వదిలేసినట్టే. ఎక్కువసార్లు వదిలేసేది చార్జీలనే. కొందరు బాగా పెద్ద నష్టాన్ని "అది వేరే, ఆ రోజు న్యూస్ వచ్చింది" అని పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టడానికి వీల్లేదు, ఆ డబ్బు కూడా ఖాతాలోంచే పోయింది.

మధు గారి గుణకారం సరిగ్గానే ఉంది, చివరి మాట మాత్రం ఒప్పుకోను. నాలుగుకు బదులు మూడే గెలిస్తే 6,000 వచ్చి 7,000 పోతుంది. విన్ రేట్ పది శాతం తగ్గగానే లాభం నష్టమైంది. ఇంకో విషయం, టార్గెట్‌ను దూరం జరిపితే విన్ రేట్ ఉన్నచోట ఉండదు. 900 దగ్గర అమ్మేసిన ట్రేడ్లలో ఎన్ని, 2,400కు రెండింతలైన 4,800 దాకా వెళ్ళేవి? అవి మధ్యలో వెనక్కి తిరిగితే గెలిచినవే ఓడినవి అవుతాయి.

మంగళం మధు:
మేడమ్, టార్గెట్ మారిస్తే విన్ రేట్ మారుతుందంటే ఒప్పుకుంటాను. కానీ 2,400 పోగొట్టుకుని 900 తెచ్చుకునేవాడికి ముందు సరిచేయాల్సింది ఆ నిష్పత్తే కదా.

భవానీనగర్ సుధ:
ముందు ఆ నిష్పత్తికి ఎంత విన్ రేట్ కావాలో చూద్దాం, అప్పుడు ఏది సరిచేయాలో తెలుస్తుంది. చార్జీలు పోగా వాసు గారికి గెలుపులో 830 మిగులుతుంది, ఓటమిలో 2,470 పోతుంది. లాభం లేక నష్టం లేక బయటపడాలంటే 2,470ని ఈ రెండింటి మొత్తం 3,300తో భాగించాలి. 75 శాతం దగ్గర వస్తుంది. అంటే 50లో 38 గెలవాలి. ఆయన 35 గెలిచారు. తేడా మూడు ట్రేడ్లు.

దామలచెరువు మండీ:
ట్రేడ్ అంటే మా మామిడి లోడ్లలాంటిదేమో అనుకుని చదివాను, మీరు షేర్ల గురించి మాట్లాడుతున్నట్టుంది. అయినా చెప్తాను. తోతాపురి పది లోడ్లు పంపితే ఎనిమిది లోడ్లకు మూడేసి వేలు మిగిలాయి. రెండు లోడ్లు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడిపోయి కాయ మెత్తబడింది, లోడుకు 15,000 పోయింది. 24,000 వచ్చి 30,000 పోయింది. పదింట్లో ఎనిమిది గెలిచినా 6,000 నష్టం. ఇంకో సంగతి. ఒక సీజన్ లెక్క ఇంకో సీజన్‌కు పనికిరాదు. 2025లో తోతాపురి రేటు పడిపోయి, కిలోకు 4 రూపాయలు ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు ఏళ్ళ సగటు పట్టుకుని ఆ ఏడు లోడు ఎత్తినవాళ్ళ గతి ఏమైందో మా ఊళ్ళో అందరికీ తెలుసు.

భవానీనగర్ సుధ:
అన్నా, మీది వేరే సరుకైనా లెక్క ఇదే. సీజన్ మాట కూడా ముఖ్యమైనదే. వాసు గారి 50 ట్రేడ్లు మార్కెట్ రోజూ పెద్దగా కదిలిన నెలల్లో చేసినవా, కదలకుండా ఉన్న నెలల్లో చేసినవా అన్నదాన్ని బట్టి సగటు గెలుపు మారిపోతుంది.

ఎస్వీయూ స్టాటిస్టిక్స్:
సుధ మేడమ్ మూడు ట్రేడ్ల తేడా అన్నారు కదా, నా సందేహం అక్కడే. 50 ట్రేడ్లలో 70 శాతం వచ్చిందంటే అసలు విన్ రేట్ సరిగ్గా 70 అని కాదు. కేవలం అదృష్టం వల్లే ఆరేడు శాతం అటూ ఇటూ కావడం మామూలే. అసలు విన్ రేట్ 77 అయినా కావచ్చు, 63 అయినా కావచ్చు. 77 అయితే ఈ పద్ధతి లాభంలో ఉన్నట్టు, 63 అయితే ట్రేడుకు దాదాపు 400 పోతున్నట్టు. 50 ట్రేడ్లతో మంచిదనీ తేల్చలేం, చెడ్డదనీ తేల్చలేం.

అయితే ఏమీ తేలనప్పుడు అనుమానం నష్టం వైపే మొగ్గాలని నా అభిప్రాయం. సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన అధ్యయనంలో మూడేళ్ళలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని ఉంది.

కొంగారెడ్డిపల్లె వాసు:
కాంట్రాక్ట్ నోట్లు చూశాను, చార్జీలు మేడమ్ చెప్పినట్టే ఉన్నాయి. ఓడిన 15 ట్రేడ్లు విడిగా రాశాను. మూడు పెద్దవి, 6,500, 5,000, 4,500. మిగతా 12 కలిపి 20,000, వాటిలో ఏదీ 2,000 దాటలేదు. ఆ మూడింట్లోనూ స్టాప్‌లాస్ తీసేసి తిరిగి వస్తుందని కూర్చున్నాను. టెన్షన్‌లో అమ్మబుద్ధి కాలేదు.

మంగళం మధు:
చూశారా, జబ్బు దొరికింది! ఆ మూడింటికీ 2,000 దగ్గర స్టాప్ పడి ఉంటే 16,000కి బదులు 6,000 పోయేది. మొత్తం నష్టం 26,000. గెలుపు 31,500. మిగులు 5,500, చార్జీలు తీసేస్తే 2,000. ట్రేడుకు 40 లాభం. స్టాప్ కదిలించకు తమ్ముడూ, అంతే.

భవానీనగర్ సుధ:
ఆగండి మధు గారూ. స్టాప్‌ను మూడు ఓటములకే పెట్టి, 35 గెలుపులను ముట్టుకోలేదు. అందరూ తప్పే చోటు ఇదే. 2,000 దగ్గర స్టాప్ అంటే ప్రతి ట్రేడుకూ ఉండాలి. వాసు గారు స్టాప్ తీసేసి కూర్చునే అలవాటు ఆ మూడు రోజులదేనా? అలాగే కూర్చున్నప్పుడు 2,500 నష్టం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, 900 లాభంతో ముగిసినవి లేవా? అవి ఇప్పుడు గెలుపుల లెక్కలో హాయిగా కూర్చుని ఉన్నాయి. స్టాప్ ఉంటే అవి 2,000 ఓటములు అవుతాయి. అలా ఒక్కటి మారినా మొత్తం మీద 2,900 తేడా వస్తుంది, మీ 2,000 లాభం 900 నష్టం అవుతుంది.

వాసు గారూ, గెలిచిన ప్రతి ట్రేడుకూ ఆ ఆప్షన్ ఒక నిమిషం చార్ట్ తెరిచి, మీరు కొన్నప్పటి నుంచి అమ్మేదాకా ధర ఎంత కిందికి వెళ్ళిందో రాయండి. జర్నల్‌లో కొన్న ధర, అమ్మిన ధర మాత్రమే ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

కొంగారెడ్డిపల్లె వాసు:
చూశాను. రెండు ట్రేడ్లు 2,000 కంటే కిందికి వెళ్ళి వచ్చాయి. 3,000 దాకా వెళ్ళి గెలిచింది ఏదీ లేదు.

భవానీనగర్ సుధ:
అయితే 2,000 స్టాప్‌తో 33 గెలుపులకు 29,700 వస్తుంది, 17 ఓటములకు 30,000 పోతుంది. 300 నష్టం, దాని మీద చార్జీలు 3,500. ట్రేడుకు మైనస్ 76. స్టాప్ 3,000 దగ్గర పెడితే గెలుపులు ఏవీ పోవు. మూడు పెద్ద ఓటములు 9,000, మిగతావి 20,000, మిగులు 2,500. చార్జీలు తీస్తే మైనస్ 1,000, ట్రేడుకు మైనస్ 20. ఇవి కూడా స్టాప్ ఆర్డర్ సరిగ్గా అనుకున్న ధరకే పడిందనుకుని వేసినవి. ఆప్షన్ వేగంగా పడుతున్నప్పుడు 2,000 అనుకున్నది 2,200కు తెగడం మామూలే.

మైనస్ 160 నుంచి మైనస్ 20కి రావడం చిన్న విషయం కాదు. కానీ స్టాప్‌తోనే ఈ పద్ధతి లాభంలోకి రాలేదు. మిగిలిన లోటు 900 గెలుపులో ఉంది. అందులో 70 చార్జీలకే పోతోంది.

మంగళం మధు:
అందుకే మొదటి నుంచీ టార్గెట్ పెంచమంటున్నా. 4,800 అక్కర్లేదు, 1,300 చాలు.

ఎస్వీయూ స్టాటిస్టిక్స్:
1,300 అనేది ఎక్కడి నుంచి వచ్చింది మధు గారూ? ఈ 50 ట్రేడ్లనే చూసి స్టాప్ 3,000 అని, టార్గెట్ 1,300 అని ఎంచుకుంటే, ఆ 50కి సరిపోయే కొలతలు తీసినట్టే. గెలిచినవి 3,000 దాకా వెళ్ళలేదని ఇప్పుడు చూసి తెలుసుకున్నాం, ముందు తెలియదు. నియమాలు ఇప్పుడే రాసి పెట్టి, తర్వాత చేసే ట్రేడ్లతోనే లెక్క కట్టాలి.

భవానీనగర్ సుధ:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. వాసు గారూ, 3,000 స్టాప్ రాసుకోండి, టార్గెట్ ఇప్పుడు ముట్టుకోవద్దు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. గెలిచి అమ్మేశాక ధర ఇంకా ఎంత పైకి వెళ్ళిందో మాత్రం ప్రతిసారీ రాయండి. వంద ట్రేడ్లు డబ్బు పెట్టకుండా కాగితం మీదే చేయండి.

మంగళం మధు:
కాగితం మీద స్టాప్ ఎవరైనా తెంపుతారు మేడమ్. ఆయన ఇబ్బందే డబ్బు పోతున్నప్పుడు తెంపలేకపోవడం. డబ్బు లేని వంద ట్రేడ్లలో అది బయటపడదు.

భవానీనగర్ సుధ:
అది నిజమే. కానీ ఎక్స్‌పెక్టెన్సీ మైనస్‌లో ఉన్న పద్ధతికి డబ్బు పెట్టి ధైర్యం నేర్చుకోమని నేను చెప్పలేను.

కొంగారెడ్డిపల్లె వాసు:
ఒక లాట్ కంటే చిన్నది కొనలేం కదా, డబ్బు తగ్గించి చేద్దామన్నా కుదరదు. ప్రస్తుతానికి కాగితం మీదే మొదలుపెడుతున్నాను. స్టాప్ 3,000. కొన్నాక ఎంత కిందికి, అమ్మాక ఎంత పైకి, ఈ రెండు కాలమ్‌లు జర్నల్‌లో చేర్చాను.