పర్‌సిస్టెంట్ స్టాక్‌ని తెలుగులో ఏమందాం? "శాశ్వత" నాకు సరిపోవట్లేదు

పాఠాలరాత:
అందరికీ నమస్కారం. డేటా స్ట్రక్చర్ల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను, ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. స్టాక్‌ని దొంతర అంటున్నాను, దాంతో ఇబ్బంది లేదు. ఒకదాని మీద ఒకటి పెట్టడం, పైదాన్నే ముందు తీయడం, రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఇబ్బందల్లా దాని ముందు వచ్చే పర్‌సిస్టెంట్ అనే విశేషణంతోనే. నిఘంటువుల్లో శాశ్వత, స్థిర, పట్టువదలని అని కనిపిస్తున్నాయి, ఏదీ అతకడం లేదు. విషయం తెలియనివాళ్ల కోసం చిన్న ఉదాహరణ పెడుతున్నాను:

```
s0 = None
s1 = (10, s0)
s2 = (20, s1)
s3 = (30, s2)
t  = (99, s1)
```

ప్రతి గడిలో ఒక విలువ, దాని కింద ఉన్న గడి ఎక్కడుందో చెప్పే గురుతు, అంతే. s3 ని పైనుంచి చదివితే 30, 20, 10. వెనక్కి వెళ్లి s1 మీద 99 పెట్టాం కాబట్టి t లో 99, 10. t వచ్చినందువల్ల s3 కి ఏమీ కాలేదు, s1 ఎలా ఉందో అలాగే ఉంది. పాత రూపాలన్నీ బతికే ఉండగా కొత్త రూపం పుట్టింది. ఈ గుణానికి ఒక్క మాట కావాలి.

డేటాబేస్‌పని:
దీనికి ఇంత ఆలోచన ఎందుకండీ, "భద్రపరచిన" అంటే సరిపోతుంది కదా. మేము పర్‌సిస్ట్ చేయడం అంటే డిస్కు మీద రాయడమే. కరెంటు పోయినా, ప్రోగ్రాం ఆగి మళ్లీ మొదలైనా డేటా ఉండాలి. నిల్వ దొంతర అనండి.

పాఠాలరాత:
మీరు చెప్పిన అర్థం ఉంది, కాదనను, కానీ నేను అడిగేది అది కాదండీ. పైన రాసిన ఐదు లైన్లలో డిస్కు ఎక్కడా లేదు, ప్రోగ్రాం ఆగితే s1 నుంచి t దాకా అన్నీ పోతాయి. ఇక్కడ నిలవడం అంటే కరెంటు పోయినా నిలవడం కాదు, మార్పు జరిగినా నిలవడం. ఒకే ఇంగ్లీషు మాట రెండు చోట్ల రెండు పనులు చేస్తోంది. శాశ్వత అంటే చదివేవాళ్లు నేరుగా మీ అర్థంలోకే వెళ్తారు, నా భయం అదే.

కోడుబండి:
నాకు తెలిసినంతవరకు ఇందులో ప్రత్యేకమైన గుణం ఏమీ లేదు. మార్చే ముందు ఒక కాపీ తీసి, కాపీని మారుస్తున్నారు, పాతది అలాగే ఉంటుంది. అందుకే మెమరీ బాగా తింటుంది. "నకలు దొంతర" అనండి, సూటిగా ఉంటుంది.

గొలుసుకట్టు:
పాతది అలాగే ఉంటుందన్నది నిజం, కాపీ అన్నది మాత్రం కాదు. ఖాళీ దొంతరతో మొదలుపెట్టి 1000 సార్లు పుష్ చేసి, ప్రతి రూపాన్నీ దాచుకున్నారనుకోండి. ప్రతిసారీ మొత్తం కాపీ చేస్తే 1, 2, 3 అలా 1000 వరకు కూడాలి, అంటే 5,00,500 గడులు. ఈ పద్ధతిలో పుష్‌కి ఒక్క గడి చొప్పున వెయ్యి గడులే. పై ఉదాహరణలో ఉన్నవి నాలుగు గడులు, నకళ్లయితే ఎనిమిది అయ్యేవి. 10 ఉన్న గడి ఒక్కటే, s1, s2, s3, t నాలుగింటికీ అదే అడుగు.

నమ్మకం కుదరకపోతే పైథాన్‌లో `s3[1][1] is t[1]` అని అడిగి చూడండి, `True` వస్తుంది. అక్కడ `==` వాడితే ఏమీ తేలదు, ఎందుకంటే అది విలువలు సమానమా అని అడుగుతుంది, నకలుకీ `True` అనే చెబుతుంది. `is` మాత్రమే అదే గడి అవునా అని అడుగుతుంది.

ఇదంతా కుదరడానికి కారణం గురుతు చూపే దిక్కు. కొత్త గడికి పాత గడి తెలుసు, తన మీద ఎవరొచ్చి కూర్చున్నారో పాత గడికి తెలియదు, కాబట్టి ఎంతమంది వచ్చినా దానిలో ఏదీ మార్చాల్సిన పని లేదు. అదే అట్టడుగున ఒక గడి చేర్చాలనుకోండి, 10 గడి మారాలి, అది మారకూడదు కాబట్టి దానికి కొత్త గడి కట్టాలి, దాన్ని చూపే 20 కీ, 30 కీ కూడా కట్టాలి. అప్పుడు కోడుబండి గారు చెప్పిన మొత్తం కాపీయే అవుతుంది. తోకను పంచుకోగలం, తలను పంచుకోలేం.

కోడుబండి:
`is` తో ఇప్పుడే నడిపి చూశాను, మీరన్నట్టే ఉంది. నకలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే "ఉమ్మడి తోక దొంతర" ఎలా ఉంటుంది?

విద్వాన్‌మాస్టారు:
ఉమ్మడి మంచి మాట నాయనా, కానీ అది లోపలి ఏర్పాటుని చెబుతుంది, పాఠాలరాత అమ్మాయి అడిగింది బయటికి కనిపించే గుణాన్ని. మా వ్యాకరణంలో దీనికి సిద్ధంగా ఒక మాట ఉంది: అవ్యయం. లింగం, విభక్తి, వచనం ఏవి మారినా తాను మారనిది. ఈ గడి కూడా అంతే, దాని మీద ఎవరొచ్చినా మారదు. వ్యయం కానిది అనే అర్థం కూడా కలిసొస్తుంది. "అవ్యయ దొంతర" అనండి. సంస్కృతమూ తెలుగూ కలిసిన సమాసం అని అభ్యంతరం ఉంటే "అవ్యయమైన దొంతర" అని విడగొట్టి రాయండి.

పాఠాలరాత:
మాస్టారూ, చాలా బాగుంది. గడి గురించి చెప్పేటప్పుడు ఇదే వాడతాను. ఇమ్యూటబుల్‌కి ఇంతవరకు "మార్పులేని" అని నీరసంగా రాస్తున్నాను. మొత్తం దొంతరకీ ఇదే వాడేయవచ్చా?

గొలుసుకట్టు:
అక్కడే ఆగమంటాను. అవ్యయం, పర్‌సిస్టెంట్ ఒకటి కాదు. ఈ దొంతరలో రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. పర్‌సిస్టెంట్ అనే మాటని ఈ అర్థంలో నిలబెట్టింది డ్రిస్కాల్, సార్నాక్, స్లీటర్, టార్జన్ కలిసి రాసిన వ్యాసం, 1986లో సదస్సులో వచ్చింది, పూర్తి రూపం 1989లో. అందులో ఒక పద్ధతిలో ప్రతి గడీ తనకు జరిగిన మార్పులన్నిటినీ వెర్షన్ నంబరుతో సహా తనలోనే రాసుకుంటూ లావెక్కుతుంది. అంటే లోపల గడి మారుతూనే ఉంది, అది అవ్యయం కాదు. అయినా బయటినుంచి ఏ పాత వెర్షన్ అడిగినా సరిగ్గా చూపిస్తుంది, కాబట్టి పర్‌సిస్టెంటే. పాఠంలో రెండు మాటలు విడిగా ఉండాలి, లేకపోతే ఆ పద్ధతి దగ్గరికి వచ్చేసరికి మీరే ఇరుక్కుంటారు.

ఇంకో సంగతి, వాళ్లు దీనికి ఎదురుగా పెట్టిన మాట ఎఫెమెరల్, మనం క్షణికం అనవచ్చు. మార్పు చేయగానే పాత రూపం పోయేది అని. ఎదురు మాట నుంచి వెతికితే మీకు దారి దొరకవచ్చు.

విద్వాన్‌మాస్టారు:
క్షణికానికి ఎదురు శాశ్వతమే కదా, మళ్లీ మొదటికే వచ్చాం. చిరస్థాయి? చిరంజీవి?

గొలుసుకట్టు:
చిరంజీవి అసలు కుదరదు మాస్టారూ. ఒక రూపం ఎవరో ఒకరు పట్టుకున్నంతకాలమే ఉంటుంది. పై ఉదాహరణలో s1, s2, s3 అనే పేర్లు మూడూ వదిలేసి t ని మాత్రం ఉంచామనుకోండి. 30 గడిని, 20 గడిని పట్టుకున్నవాళ్లు లేరు, అవి పోతాయి. 10 గడిని t పట్టుకుంది కాబట్టి అది ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. లక్ష గడుల దొంతరలో అన్నిటికన్నా పైన ఉన్న గడిని ఒక్కదాన్ని ఎక్కడో మరిచిపోయి పట్టుకుని ఉన్నా కింద ఉన్న లక్షా కదలవు. మెమరీ తగ్గడం లేదని వెతికితే చాలాసార్లు ఇలాంటి మరిచిపోయిన పేరు ఒకటి బయటపడుతుంది.

పాతకాపు:
మాట సంగతి పండితులు చూసుకుంటారు కానీ, వదిలేయడం గురించి వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. ఒక బొమ్మలు గీసే ప్రోగ్రాంలో అన్‌డూ కోసం సరిగ్గా ఈ దొంతరే సీ ప్లస్ ప్లస్‌లో కట్టాను, ప్రతి గడీ కింది గడిని `shared_ptr` తో పట్టుకునేది. 100 గడులతో పరీక్షిస్తే బ్రహ్మాండంగా నడిచింది. కొన్ని లక్షల గీతలు గీశాక, చివరి పేరు వదలగానే ప్రోగ్రాం పడిపోయింది. పుష్‌లో కాదు, పాప్‌లో కాదు, వదిలేటప్పుడు! చాలా టెన్షన్ పడ్డాను. డీబగ్గర్‌లో చూస్తే ఒకే డిస్ట్రక్టర్ పేరు కిందికంటా వేల సార్లు ఉంది. పై గడి పోతూ కింది గడిని వదులుతుంది, అది పూర్తిగా పోయేదాకా పై గడి పని ముగియదు, ఆ కిందిదీ అంతే, అలా కాల్ స్టాక్ నిండిపోయింది. తర్వాత లూప్ రాసి, ఆ గడిని పట్టుకున్నది నేనొక్కణ్నే అయినంతవరకు ఒక్కొక్కటే విప్పాను, ఇంకెవరైనా పట్టుకున్న గడి రాగానే ఆగాను. ఆ ఆగడం ముఖ్యం, అక్కడినుంచి కిందంతా వేరే రూపానిది కూడా.

అవ్యయం గురించి ఒక అనుమానం: గడి అవ్యయమే, మరి గడిలో పెట్టిన వస్తువు? నా గీత రంగు మార్చితే పాత వెర్షన్లన్నిటిలోనూ రంగు మారిపోయేది.

గొలుసుకట్టు:
అది చాలామందికి తగిలే దెబ్బే. పైథాన్‌లో కూడా టుపుల్ మారదు కానీ దానిలో పెట్టిన లిస్టు మారుతుంది. `([10], None)` అని మొదలుపెట్టి ఆ లిస్టుకి ఏదైనా చేరిస్తే, ఆ గడి మీద కట్టిన ప్రతి రూపంలోనూ అది కనిపిస్తుంది. పంచుకున్నది ఒకే గడి కదా. అన్‌డూ నొక్కితే ఆకారం వెనక్కి వెళ్లి రంగు మాత్రం వెళ్లకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. లోపలి వస్తువు కూడా అవ్యయం అయితేనే పాత రూపం నిజంగా పాతగా ఉంటుంది.

విద్వాన్‌మాస్టారు:
ఇంతసేపూ మీరంతా చెప్పింది చదివాక నాకు ఒక మాట తోచింది. పలక మీద చెరిపి రాస్తాం, పాతది పోతుంది. మీ క్షణికం అదే. ఇక్కడ చెరపడం లేదు, పక్కన రాస్తున్నారు. "చెరపని దొంతర".

గొలుసుకట్టు:
మాస్టారూ, మీకు తెలిసి అన్నారో లేదో కానీ లిస్ప్ వాళ్లు ఉన్న గడినే మార్చేసే పనిని ధ్వంసం చేసే పని అనే అర్థంలో పిలుస్తారు. దానికి ఎదురు సరిగ్గా చెరపని. నా ఓటు దీనికే.

కోడుబండి:
నాకు ఒక అడ్డు కనిపిస్తోంది. చెరపని దొంతర అంటే పాప్ చేయలేనిదేమో అనుకోరా? s3 మీద పాప్ చేస్తే 30 పోయిందనే కదా చూసేవాళ్లకి అనిపించేది.

పాఠాలరాత:
ఆ అనుమానం వస్తే పాఠానికి మేలే. s3 మీద పాప్ చేస్తే వచ్చేది s2, అది ముందునుంచీ ఉన్నదే, కొత్తగా ఒక్క గడి కూడా పుట్టలేదు, s3 దగ్గర 30 అలాగే ఉంది. ఆ ముక్క పాప్ చెప్పేచోట పెడతాను.

ప్రస్తుతానికి గడికి అవ్యయం, దొంతరకి చెరపని అని రాసుకుంటున్నాను. నాకు ఇంకా తేలనిది ఒకటుంది. పాత రూపాలన్నిటినీ చదవవచ్చు కానీ అన్నిటికన్నా కొత్తదాన్నే మార్చగలం అనేది ఒక రకం, s1 మీద 99 పెట్టినట్టు ఏ పాతదాని మీదైనా కొత్త కొమ్మ వేయగలం అనేది ఇంకో రకం. మొదటిది పాక్షికం, రెండోది సంపూర్ణం అంటున్నారు. "పాక్షికంగా చెరపని" అంటే సగం చెరుపుతుందేమో అనిపిస్తోంది.

విద్వాన్‌మాస్టారు:
కొమ్మ అని మీరే అన్నారు కదమ్మా. కొమ్మలు వేసేది, వేయనిది అని విడదీసి చూడండి. రాత్రి ఇంకాస్త ఆలోచించి చెబుతాను.