సగం మంది మైనర్లు వెళ్లిపోతే డిఫికల్టీ కూడా సగానికి దిగదెందుకు?

శ్రీలత_కె
2021లో చైనా బిట్‌కాయిన్ మైనింగ్‌ను నిషేధించాక జులై 3న డిఫికల్టీ దాదాపు 28 శాతం తగ్గింది. అంతవరకు అదే అతి పెద్ద తగ్గుదల అట. కానీ అప్పటికి ఆగిపోయిన మిషన్లు దాదాపు సగం అని కూడా చదివాను. రెండూ ఎలా కుదురుతాయి?

మధు_మైన్స్
రెండు వారాలకోసారి నెట్‌వర్క్ ఎంతమంది మైనింగ్ చేస్తున్నారో చూసుకుని సరిచేస్తుందండి. 28 తగ్గిందంటే 28 శాతం మిషన్లే పోయుంటాయి. సగం అన్నది పుకారు.

నోడ్‌కాపరి
మధుగారూ, నెట్‌వర్క్‌కి మిషన్లు కనబడవు. నోడ్ చూసేది బ్లాకుల మీదున్న టైమ్‌స్టాంపులే. గడువు కూడా రెండు వారాలు కాదు, 2016 బ్లాకులు. అవి 14 రోజుల్లో రావాలి. 20 రోజులు పడితే డిఫికల్టీని 14/20తో గుణిస్తుంది, అంతే.

శ్రీలతగారి లెక్కకి ఒక ఉదాహరణ చూద్దాం. గడువు సరిగ్గా సగమయ్యాక సగం మిషన్లు ఆగాయనుకోండి. మొదటి 1008 బ్లాకులకి 7 రోజులు, ఆ తర్వాతి 1008కి 14 రోజులు. మొత్తం 21. 14/21 అంటే డిఫికల్టీ మూడో వంతే తగ్గుతుంది. మంచి రోజులు కూడా సగటులో కలిశాయి కదా. తర్వాతి గడువులో బ్లాకుకి 13 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అది ముగిశాకే డిఫికల్టీ సగానికి దిగి, సగటు మళ్లీ పది నిమిషాలకొస్తుంది.

2021లోనూ తగ్గుదల ఒక్కసారి కాదు, వరసగా నాలుగుసార్లు. మే చివర్లో 16 శాతం, జూన్ మధ్యలో 5, జులై 3న 28, జులై మధ్యలో మళ్లీ 5. అన్నీ కలిపితే మే శిఖరం నుంచి 45 శాతం పైచిలుకు. సగం అన్న మాట మరీ పుకారేం కాదు.

వెంకట్88
పోయిన వారం నేను పంపినదానికి మొదటి కన్ఫర్మేషన్ గంటకి పైగా రాలేదు. ఫీజు బాగానే పెట్టాను. అంటే ఇప్పుడు కూడా మైనర్లు వెళ్లిపోతున్నారా?

గణితం_మాస్టారు
ఒక్క గంటని చూసి అలా అనలేం. పది నిమిషాలన్నది సగటే. అంతా సవ్యంగా ఉన్నా, ఒక బ్లాకు గంట దాటే అవకాశం 400లో ఒకటి. రోజుకి 144 బ్లాకులు కాబట్టి మూడు రోజులకోసారి ఎవరో ఒకరికి ఈ అనుభవం తప్పదు. మైనర్లు పోతున్నారా అన్నది తెలియాలంటే కనీసం కొన్ని వందల బ్లాకుల సగటు చూడాలి.

నోడ్‌కాపరి
సొంత నోడ్ ఉన్నవాళ్లు ఆ 2021 గడువుని తామే చూసుకోవచ్చు. మొదటి బ్లాకు 687456, చివరిది 689471.

```
bitcoin-cli getblockheader $(bitcoin-cli getblockhash 687456)
bitcoin-cli getblockheader $(bitcoin-cli getblockhash 689471)
```

రెండింటి `time` విలువలకి తేడా తీయండి. 19 రోజుల పైన వస్తుంది. సగటున బ్లాకుకి దాదాపు 14 నిమిషాలు. అన్నట్టు, ఈ తేడాలో ఉండేవి 2015 విరామాలే. కోడ్ వాటిని 2016 విరామాల కాలంతో పోలుస్తుంది. మొదటినుంచీ ఉన్న చిన్న పొరపాటు, ప్రభావం నామమాత్రం.

పాతరిగ్
అప్పుడు నా మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. అందరూ వెళ్లిపోగానే నాకు పండగే అనుకున్నారు తెలిసినవాళ్లు. జూన్‌లో అలాంటిదేం లేదు. నా వాటా పెరిగింది నిజమే, కానీ మొత్తం బ్లాకులు కూడా తగ్గాయి. రోజుకి చేతికొచ్చే కాయిన్లు ఇంచుమించు అవే. డిఫికల్టీ దిగాకే అదే కరెంటుకి 38 శాతం దాకా ఎక్కువొచ్చింది.

మధు_మైన్స్
సరే, టైమ్‌స్టాంపుల సంగతి ఒప్పుకుంటున్నా. మరి ప్రతి బ్లాకుకీ సరిచేస్తే ఈ తిప్పలుండవుగా?

నోడ్‌కాపరి
తొందరపడితే ఏమవుతుందో 2017లో బిట్‌కాయిన్ క్యాష్‌లో చూశాం. బ్లాకులు బాగా ఆలస్యమైతే డిఫికల్టీని 20 శాతం చొప్పున దించే అత్యవసర నియమం పెట్టారు. మైనర్లు కావాలని పక్కకి తప్పుకుని, అది దిగాక గుంపుగా వచ్చి బ్లాకులు ఊడ్చుకుపోయేవారు. నవంబర్‌లో ఆ నియమం తీసేశారు.

గణితం_మాస్టారు
అది వేగం తప్పు కాదు, ఒంటివైపు నియమం తప్పు. దించడం సులువు, ఎక్కించడం ఆలస్యం. రెండువైపులా ఒకేలా సరిచేసే పద్ధతుల్ని అక్కడే తర్వాత వాడారు.

నోడ్‌కాపరి
కావచ్చు. కానీ గడువు కుదించేకొద్దీ కేవలం అదృష్టం వల్ల వచ్చే హెచ్చుతగ్గులకి కూడా డిఫికల్టీ ఊగుతుంది. ఎవరైనా టైమ్‌స్టాంపులు అటూ ఇటూ జరిపినా దాని ప్రభావం పెరుగుతుంది. నేనైతే 2016 బ్లాకుల వైపే.

శ్రీలత_కె
మరి గడువు మొదట్లోనే 90 శాతం మాయమైతే?

గణితం_మాస్టారు
బ్లాకుకి 100 నిమిషాలు, గడువుకి 140 రోజులు. పైగా ఒక్కసారికి నాలుగో వంతు కన్నా కిందికి దించే వీల్లేదు. కాబట్టి ఆ తర్వాత కూడా 35 రోజులు బ్లాకుకి 25 నిమిషాలు. అన్నాళ్లు మిగతా పది శాతం నష్టానికి నడుపుతారా అన్నది నా లెక్కకి అందదు. పాతరిగ్ గారూ, మీరైతే నడిపేవారా?