పదేళ్ల వాడకంలో టాప్ లోడ్ చవకా, ఫ్రంట్ లోడ్ చవకా?

కొత్తఇల్లు: మా పాత వాషింగ్ మెషీన్ ఇక బాగుపడదని తేల్చేశారు. చూసినవాటిలో ఫ్రంట్ లోడ్ ధర టాప్ లోడ్‌కు ఒకటిన్నర రెట్లు ఉంది. నీళ్లలోనూ కరెంటులోనూ ఆ తేడా తిరిగి వచ్చేస్తుందని అమ్మేవారు అంటున్నారు. వారానికి ఐదు ఉతుకులు వేసే ఇంట్లో మరమ్మతులతో కలుపుకొని పదేళ్లకు నిజంగా ఏది చవక?

నీటిబొట్టు: నిస్సందేహంగా ఫ్రంట్ లోడే. టాప్ లోడ్‌లో బట్టలు నీళ్లలో మునిగి ఉంటేనే కదులుతాయి కాబట్టి, ఏడెనిమిది కిలోల యంత్రాన్ని నిండుగా వేస్తే జాడింపులతో కలిపి ఒక్క ఉతుకుకు 120 లీటర్ల వరకు పడుతుంది. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ము బట్టలను పైకెత్తి కిందికి వదులుతూ ఉంటుంది కనుక అడుగున కొద్దిపాటి నీళ్లుంటే చాలు, అదే బరువు 55 లీటర్లలో అయిపోతుంది. ఉతుకుకు 65 లీటర్ల చొప్పున మిగిలితే, మీరు చెప్పిన వాడకానికి పదేళ్లలో 1,69,000 లీటర్లు మిగులుతాయి. ఇంత తేడా కనబడుతుంటే ఇంకా ఆలోచించవలసింది ఏముందో నాకు అర్థం కావడం లేదు.

వెలుగురేఖ: కరెంటులో కూడా ఫ్రంట్ లోడ్‌దే పైచేయి అండీ. లేబుల్ మీద గుర్తులు చూస్తే తెలిసిపోతుంది.

లెక్కలపుస్తకం: వెలుగురేఖ గారూ, మీరు చెప్పినది సగం వరకే నిజం. బట్టలు తిప్పే మోటారు ఏ రకంలోనైనా పెద్దగా కరెంటు తినదు. చల్లనీళ్లతో ఉతికితే రెండూ ఉతుకుకు 0.2 యూనిట్టు దగ్గరే ఆగుతాయి. ఖర్చంతా నీళ్లు కాచడంలో ఉంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికే పావు యూనిట్టు దాటుతుంది, బట్టలూ డ్రమ్మూ కూడా వేడెక్కాలి కనుక 0.4 అనుకోవచ్చు. చాలా టాప్ లోడ్ యంత్రాలలో హీటరే ఉండదు. ఫ్రంట్ లోడ్‌లో మాత్రం సాధారణంగా నూలు బట్టల ప్రోగ్రామ్ ఎంచుకోగానే 40 డిగ్రీలు దానంతట అదే వచ్చి కూర్చుంటుంది, చాలామంది దాన్ని మార్చరు. అలా వాడిన ఇంట్లో పదేళ్లకు ఫ్రంట్ లోడే సుమారు 1,000 యూనిట్లు ఎక్కువ కాలుస్తుంది. గీజరు నీళ్లను టాప్ లోడ్‌లోకి పట్టే ఇళ్లలో సంగతి తలకిందులవుతుంది, ఎందుకంటే అక్కడ ఉతుకుకు కాగవలసిన నీళ్లే రెండుమూడు రెట్లు.

వెలుగురేఖ: అయితే లేబుల్ అబద్ధమంటారా?

లెక్కలపుస్తకం: అబద్ధం కాదు. లేబుల్ మీద అంకె ఏదో ఒక నిర్ణీత ప్రోగ్రామ్‌కు కొలిచినది. మీరు రోజూ వాడేది ఆ ప్రోగ్రామ్ కాకపోతే ఆ అంకె మీ బిల్లుకు వర్తించదు.

పానాపట్టు: చాలా ఏళ్లుగా ఈ యంత్రాలను విప్పి బిగించే పనిలో ఉన్నాను. ఇప్పటివరకు ఎవరూ బేరింగు మాట ఎత్తలేదు కనుక నేను చెబుతాను. ఫ్రంట్ లోడ్‌లో తడిసిన బట్టల బరువంతా డ్రమ్ము వెనుక ఉన్న ఒక్క ఇరుసు మీద, రెండు బేరింగుల మీద వేలాడుతుంది. వాటికి నీళ్లు తగలకుండా అడ్డుగా ఉండేది ఒక రబ్బరు సీలు మాత్రమే. సబ్బు మడ్డి, ఉప్పునీటి పొర పట్టి ఆ సీలు పెదవి అరిగితే నీళ్లు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తాయి, ఆ తరువాత తుప్పు పట్టడం ఎంతో దూరం ఉండదు. నురగ ఎక్కువ వచ్చే పొడి వాడినా, డ్రమ్ములో బట్టలు కుక్కినా ఇది త్వరపడుతుంది.

ఇరుసు దగ్గర ఇంత జరిగినా బేరింగు, సీలు వెల తక్కువే. సమస్య ఎక్కడంటే, ఇప్పుడు వచ్చే చాలా మోడళ్లలో బయటి ప్లాస్టిక్ టబ్ రెండు సగాలను కరిగించి అతికేస్తున్నారు. దాన్ని విప్పే మార్గం లేదు కనుక కంపెనీ వాళ్లు డ్రమ్ముతో సహా టబ్ మొత్తాన్ని మార్చమంటారు. ఆ బిల్లు కొత్త యంత్రం ధరలో మూడో వంతు నుంచి సగం దాకా వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. టాప్ లోడ్‌లో సస్పెన్షన్ రాడ్లు, డ్రెయిన్ మోటారు, క్లచ్ పోతాయి. అవి ఒక్కొక్కటిగా, చిన్న చిన్న బిల్లులుగా వస్తాయి.

నీటిబొట్టు: మీ దగ్గరకు వచ్చేవన్నీ పాడైనవే కనుక మీకు లోకమంతా పాడైన యంత్రాలతో నిండి ఉన్నట్లు కనబడుతుంది. సరిగ్గా వాడుకునే ఇంట్లో బేరింగు పదేళ్లూ నిలుస్తుంది. 1,69,000 లీటర్ల సంగతికి మాత్రం మీరు ఒక్క ముక్క కూడా జవాబు చెప్పలేదు.

గచ్చుబావి: మా ఇంట్లో ఫ్రంట్ లోడ్ తలుపు రబ్బరు మడతలో నల్లటి బూజు పట్టి బట్టలన్నీ వాసన కొడుతున్నాయి. దీనికి ఏం చేయాలి?

పానాపట్టు: ఉతుకు అయ్యాక మడతలోని నీటిని పొడిగుడ్డతో తుడిచి, తలుపు తెరిచి ఉంచండి. అప్పుడప్పుడు ఖాళీ యంత్రాన్ని 60 డిగ్రీల పైన తిప్పండి. నల్లమచ్చ రబ్బరులోకి ఇంకిపోయి ఉంటే ఆ రబ్బరు మార్చడం తప్ప దారి లేదు.

నీటిబొట్టు గారూ, నిలిచేవి ఉన్నాయి, నేను కాదనలేదు. కాని నిలుస్తుందో లేదో కొనే రోజున ఎవరికీ తెలియదు. వాడుతున్నవారు మాత్రం ముందుగానే కనిపెట్టవచ్చు. ప్లగ్గు తీసేసి, ఖాళీ డ్రమ్ము పై అంచును లోపలి నుంచి పట్టుకొని పైకీ కిందికీ ఆడించండి. డ్రమ్మూ, దాని చుట్టూ ఉన్న టబ్బూ కలిసి ఊగితే భయం లేదు, స్ప్రింగుల మీద అది అలాగే ఊగాలి. టబ్ కదలకుండా డ్రమ్ము ఒక్కటే టకటకమని ఆడితే బేరింగు పోయినట్లే. స్పిన్‌లో విమానం లేస్తున్నట్లు మోత, యంత్రం వెనుక నేల మీద తుప్పు రంగు చుక్కలు ఆ తరువాతి దశ.

వెలుగురేఖ: అతికిన టబ్బును కోసి బాగుచేస్తారని విన్నాను.

పానాపట్టు: చేస్తారు, నేనూ చేశాను. అతుకు వెంబడి రంపంతో కోసి, బేరింగులూ సీలూ మార్చి, అంచుకు సిలికాన్ పూసి స్క్రూలతో బిగిస్తాం. కోత ఒక్కచోట వంకర పోయినా అక్కడ కారుతుంది. కొన్నిసార్లు లోపల డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం ముక్క కూడా తినేసి ఉంటుంది, అప్పుడు పడిన శ్రమంతా వృథా. అందుకే దీనికి ఎవరమూ గ్యారంటీ ఇవ్వము.

లెక్కలపుస్తకం: ఇద్దరి మాటలనూ ఒకే లెక్కలో పెట్టి చూద్దాం. టాప్ లోడ్ ధర 100 పాళ్లు అనుకుంటే ఫ్రంట్ లోడ్ 150. ఏడో ఏట టబ్ మార్చవలసి వచ్చిందనుకొని, ఫ్రంట్ లోడ్ ధరలో మూడో వంతు, అంటే 50 పాళ్లు కలిపితే అదనపు ఖర్చు 100 పాళ్లు, అంటే సరిగ్గా ఒక టాప్ లోడ్ వెల. ఆ పదేళ్లలో టాప్ లోడ్‌కు అయ్యే చిల్లర మరమ్మతులు 25 పాళ్లు అనుకొని తీసేస్తే 75 మిగులుతుంది. కాబట్టి మీకు దొరికే టాప్ లోడ్ ధరలో ముప్పావు వంతును 169తో భాగించండి. మీరు వెయ్యి లీటర్లకు కట్టే డబ్బు అంతకంటే ఎక్కువైతే టబ్ పోయినా ఫ్రంట్ లోడే చవక. టబ్ పోకపోతే ముప్పావు వంతుకు బదులు పావు వంతు తీసుకోండి. ఇది చల్లనీళ్ల లెక్క. 40 డిగ్రీలలో ఉతికేవారు 1,000 యూనిట్ల కరెంటు వెలను కూడా కలుపుకోవాలి.

ఇంకొకటి. 120 లీటర్లు అనేది నిండు ఉతుకుకు. సగం బట్టలే వేసి నీటి మట్టం తగ్గించుకునే ఇంట్లో ఆ 65 లీటర్ల తేడా బాగా తగ్గుతుంది.

నీటిబొట్టు: భాగహారంతో తేలే విషయం కాదిది. మా ఇంటికి నీళ్లు పొద్దున కొంతసేపే వస్తాయి. పాత టాప్ లోడ్ ఉన్నప్పుడు అది ఒకసారి ఉతికి రెండుసార్లు జాడించేసరికి తొట్టి అడుగంటి, సాయంత్రం వంటకు నీళ్లు ఎక్కడి నుంచి తేవాలా అని నేను తిరగవలసి వచ్చేది. ఆ నీళ్లకు బిల్లులో వెల ఎంత తక్కువైనా సరే, లేనిరోజున అవి దొరకవు. మరమ్మతు పేరు చెప్పి జనాన్ని భయపెట్టి మళ్లీ అటు నెట్టకండి.

పానాపట్టు: భయపెట్టడం నా ఉద్దేశం కాదు, ఆ మాట నాకు బాధ కలిగించింది. టబ్ బిల్లు విన్నాక యంత్రాన్ని మా షాపులోనే వదిలేసి వెళ్లినవారు ఉన్నారు. పదేళ్లకు సగటు తీస్తే వారి ఖర్చు ఎక్కువేమీ కాకపోవచ్చు. కాని నెలనెలా ఆదా అయిన నీటి డబ్బు ఎప్పటికప్పుడు ఇంటి ఖర్చులో కలిసిపోయింది, బిల్లు మాత్రం ఒక్కరోజే వచ్చి నిలబడింది. అంత మొత్తం ఒకేసారి తీయలేని ఇంటికి ఏడాదికొకసారి వచ్చే చిన్న మరమ్మతే మేలు. నేను మొదటి నుంచీ మాట్లాడుతున్నది ఆ ఇంటి గురించి.

నీటిబొట్టు: ఆ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయినా ఒక్కసారి వచ్చే బిల్లుకు డబ్బు దాచుకోవచ్చు గాని, నీళ్లను పదేళ్లు దాచుకోలేమని ఇప్పటికీ అంటాను.

కొత్తఇల్లు: అందరికీ ధన్యవాదాలు. మేము ఎండాకాలంలో మాత్రమే నీళ్లు కొంటాము, మిగతా నెలల్లో కుళాయి నీళ్లు చాలుతాయి. ఆ చొప్పున భాగించి చూస్తే టబ్ నిలిస్తే ఫ్రంట్ లోడ్, నిలవకపోతే టాప్ లోడ్ అని తేలుతోంది. టబ్ విప్పదగినదో కాదో కొనక ముందే తెలుసుకునే మార్గం ఉందా?

పానాపట్టు: అమ్మేవారిని అడిగితే ఉపయోగం లేదు. ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి, మోడల్ నంబరు చెప్పి, బేరింగు, సీలు విడిగా అమ్ముతారా అని అడగండి. విడిభాగాల జాబితాలో వాటికి వేరువేరు నంబర్లు ఉంటే దాదాపుగా టబ్ విప్పదగినదే. టబ్ మొత్తానికి ఒకే నంబరు ఉంటే దాని వెల ఎంతో అప్పుడే కనుక్కొని, పైన లెక్కలో 50 పాళ్ల చోట ఆ అంకె వేసి చూసుకోండి. మోటారు మీద పదేళ్ల వారంటీ అని రాసి ఉంటే అది టబ్బుకు, బేరింగుకు వర్తిస్తుందో లేదో కూడా ఆ ఫోనులోనే అడగండి. నేను చూసినవాటిలో వర్తించలేదు.