"సరిగ్గా రెట్టింపు" అంటే ఏ రోజుకు సరిగ్గా?

దేవరకొండ నుంచి
అందరికీ నమస్కారం. ఏడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను. వయసుల లెక్క ఒకటి సొంతంగా తయారు చేద్దామని మా ఇంట్లో వాళ్ల వయసులే తీసుకున్నాను. ప్రశ్న ఇది: "తండ్రికి 44 ఏళ్లు, కొడుక్కి 16 ఏళ్లు. ఎన్నేళ్లకు తండ్రి వయసు కొడుకు వయసు కంటే సరిగ్గా రెట్టింపు అవుతుంది?"

2025 మార్చిలో రాసినప్పుడు జవాబు 12 వచ్చింది. అదే ప్రశ్న సెప్టెంబర్‌లో ఇంకో బ్యాచ్‌కి ఇద్దామని చూస్తే, మా ఆయనకు 45 నిండాయి, బాబుకు మాత్రం ఇంకా 16 ఏళ్లే. ఈసారి 13 వచ్చింది. మార్చి లెక్క ప్రకారం 2037లో, సెప్టెంబర్ లెక్క ప్రకారం 2038లో రెట్టింపు. ఇద్దరి మధ్య తేడా ఎప్పటికీ మారదని పిల్లలకు నేనే చెప్తాను. మరి జవాబు ఎలా మారింది? అసలు ఈ వాక్యంలో "సరిగ్గా" అనొచ్చా?

హాలియా నుంచి
అక్కా, దీనికి సమీకరణం కూడా అక్కర్లేదు. చిన్నవాడి వయసును రెండుతో గుణించి పెద్దాయన వయసులోంచి తీసెయ్యండి. 44లోంచి 32 పోతే 12. పోటీ పరీక్షల్లో మేము ఇట్లనే చేస్తం, పది సెకన్ల పని. మూడు రెట్లు అడిగితే మూడుతో గుణించాలి, నాలుగు రెట్లు అడిగితే నాలుగుతో. సెప్టెంబర్‌లో 45 అయింది కాబట్టి 13 వచ్చింది, అంతే. ఇందులో భాష గొడవేం లేదు.

వనపర్తి నుంచి
నాకైతే ప్రశ్నే వేరేగా అర్థమైంది. తండ్రి వయసు రెట్టింపు అవ్వడమంటే 44 కాస్తా 88 అవ్వడమని, జవాబు 44 అనుకున్నాను. రెండోసారి చదివాక గానీ "కొడుకు వయసు కంటే" అన్న ముక్క కంటికి ఆనలేదు. తప్పు వాక్యంలో ఉంది. "కంటే" పెడితే వెనక "ఎక్కువ" అనో "తక్కువ" అనో రావాలి. రెట్టింపుకు "కు" సరిపోతుంది. "కొడుకు వయసుకు రెట్టింపు" అనండి.

జడ్చర్ల నుంచి
నా సంగతి కూడా చూడండి. నాకు 34, మా అక్కకు 40. అక్క వయసు నాకు రెట్టింపు ఎప్పుడవుతుందని వేశాను.
`40 + x = 2(34 + x)`
విప్పితే `x = -28` వస్తోంది. మూడుసార్లు చూసినా అదే. మైనస్‌లో ఏళ్లేంటి? ఎక్కడ తప్పుతున్నానో ఎవరైనా చెప్పండి.

మిర్యాలగూడ నుంచి
ముందు జడ్చర్ల అమ్మాయికి. తప్పేమీ లేదమ్మా. మైనస్ 28 అంటే 28 ఏళ్ల కిందట అని. అప్పుడు మీకు 6, మీ అక్కకు 12. మీ ఇద్దరి మధ్య తేడా 6 ఏళ్లు. చిన్నవాళ్ల వయసు ఆ తేడాతో సమానమైన రోజునే పెద్దవాళ్లది రెట్టింపు అవుతుంది. మీరు ఆ ఆరేళ్లు ఎప్పుడో దాటేశారు కాబట్టి మళ్లీ రాదు. చిన్నవాళ్ల వయసు తేడా కంటే తక్కువుంటే రెట్టింపు ముందుంది, ఎక్కువుంటే వెనకే అయిపోయింది. లెక్క మొదలుపెట్టే ముందు ఇది చూసుకుంటే మైనస్ వచ్చినప్పుడు భయముండదు.

హాలియా తమ్ముడూ, రెట్టింపు వరకు నీ పద్ధతి నిక్కచ్చిగా సరైనదే. `44 + x = 2(16 + x)` అని రాస్తే కుడివైపు 32 + 2x అవుతుంది, ఒక x అటూ ఇటూ కొట్టుకుపోతే మిగిలేది 44 - 32. కానీ మూడు రెట్లకు అదే చేసి చూడు. 44లోంచి 48 పోతే మైనస్ 4, అంటే నాలుగేళ్ల కిందట. అప్పుడు తండ్రికి 40, కొడుక్కి 12. 12 మూళ్లు 36 గదా, 40 కాదు.

హాలియా నుంచి
అవును సార్, కుదరట్లేదు. మరి రెట్టింపుకు ఎందుకు కుదిరింది?

మిర్యాలగూడ నుంచి
మూడు రెట్లకు కుడివైపు 3x వస్తుంది. ఒక x పోయినా ఇంకా 2x మిగులుతుంది. కాబట్టి మైనస్ 4ను రెండుతో భాగించాలి. రెండేళ్ల కిందట తండ్రికి 42, కొడుక్కి 14. సరిపోయింది. నాలుగు రెట్లైతే మూడుతో భాగించాలి. రెట్టింపులో భాగించాల్సింది ఒకటితో కాబట్టి ఆ మెట్టు కనిపించదు, అందుకే నీ పద్ధతి అన్నిటికీ పనికొస్తుందనిపించింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. దేవరకొండ మేడమ్, ఇద్దరి పుట్టిన తేదీలు చెప్పగలరా? తేదీలు లేకుండా మీ చిక్కు విడదు.

దేవరకొండ నుంచి
ఆయనది 1980 జూన్ 10, బాబుది 2009 ఫిబ్రవరి 10 సార్.

మిర్యాలగూడ నుంచి
ఇక చూడండి. ఇద్దరి మధ్య నిజమైన తేడా 28 కాదు, 29 కాదు. 28 ఏళ్ల 8 నెలలు. మనం వయసు చెప్పేటప్పుడు ఆ నెలలు వదిలేసి నిండిన ఏళ్లు మాత్రమే చెప్తాం. ఫిబ్రవరిలో బాబుకు ఒక ఏడు పెరిగాక జూన్ దాకా తేడా 28గా కనిపిస్తుంది. జూన్‌లో తండ్రికి పెరగ్గానే 29గా కనిపిస్తుంది. మళ్లీ ఫిబ్రవరి వస్తే 28. మారేది తేడా కాదు, నెలలు వదిలేశాక మనకు కనిపించే అంకె.

మార్చిలో మీరు 28 పట్టుకున్నారు. దాని ప్రకారం బాబుకు 28, తండ్రికి 56 ఉండాలి. 2037 ఫిబ్రవరి 10 నుంచి జూన్ 9 దాకా, నాలుగు నెలలు, నిజంగానే అలా ఉంటారు. సెప్టెంబర్‌లో 29 పట్టుకున్నారు. బాబుకు 29, తండ్రికి 58. 2038 జూన్ 10 నుంచి 2039 ఫిబ్రవరి 9 దాకా, ఎనిమిది నెలలు, అదీ నిజమే. కాబట్టి 12 ఒప్పే, 13 ఒప్పే. నిండిన ఏళ్లలో చెప్పుకుంటే మీ ఇంట్లో రెట్టింపు రెండుసార్లు వస్తుంది, రెండూ కలిపితే సరిగ్గా ఏడాది.

ఇక "సరిగ్గా" అన్న మాటను నెలలతో సహా పట్టించుకుంటే, బాబు వయసు 28 ఏళ్ల 8 నెలలు అయిన రోజున రెట్టింపు. అది 2037 అక్టోబర్ 10. ఆ రోజు తండ్రికి 57 ఏళ్ల 4 నెలలు. రెండు 28లు 56, రెండు 8లు 16 నెలలు, అంటే ఏడాది నాలుగు నెలలు. సరిపోయింది. కానీ ఆ రోజు ఇంటికొచ్చినవాళ్లు వయసులడిగితే మీరేం చెప్తారు? 57, 28 అంటారు. నిజంగా రెట్టింపైన రోజున నోటితో చెప్పే అంకెలు రెట్టింపుగా ఉండవు! తేడాలో మిగిలిన నెలలు ఆరుకు మించితే ఇలాగే అవుతుంది. ఆరులోపు ఉంటే ఆ రోజు మొదటి విడతలోనే పడుతుంది.

దేవరకొండ నుంచి
సార్, చాలా సంతోషంగా ఉంది. ఇన్నాళ్లూ తేడా ఒక్కటే అంకె అనుకుంటూ చెప్పాను. రోజుల లెక్కన చూసినా అక్టోబర్ 10 వస్తుందా?

మిర్యాలగూడ నుంచి
రాదమ్మా, మూడు రోజులు జరుగుతుంది. ఆయన పుట్టిన రోజు నుంచి బాబు పుట్టిన రోజుకు 10,472 రోజులు. బాబు పుట్టిన రోజు నుంచి మళ్లీ అన్ని రోజులు లెక్కపెడితే 2037 అక్టోబర్ 13 వస్తుంది. లీపు రోజులు రెండు వైపులా ఏడేసి ఉన్నాయి కాబట్టి వాటివల్ల కాదు. మిగిలిన ఎనిమిది నెలలు ఒకవైపు జూన్ నుంచి ఫిబ్రవరికి, ఇంకోవైపు ఫిబ్రవరి నుంచి అక్టోబర్‌కు. రెండోదాంట్లో 28 రోజుల ఫిబ్రవరి ఉంది, అందుకే అది 242 రోజులే, మొదటిది 245. నన్నడిగితే "సరిగ్గా" అన్న మాట రోజుల లెక్కకే నప్పుతుంది.

నారాయణపేట నుంచి
మీరంతా నిండిన ఏళ్లే చెప్తున్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి వయసు అడిగినా నడుస్తున్న ఏడే చెప్పేవారు. పదహారు నిండిన పిల్లవాణ్ణి "పదిహేడు పడ్డది" అంటారు. ఆ లెక్కన మార్చిలో తండ్రికి 45, కొడుక్కి 17. తేడా 28 మారలేదు, కానీ జవాబు 11 వస్తుంది: 56, 28. అదీ రెట్టింపే కదా, మరి ఇది ఎవరి తప్పు?

మిర్యాలగూడ నుంచి
ఎవరి తప్పూ కాదన్నా. మీ లెక్కలో అది 2036 మార్చి. నిండిన ఏళ్లలో అప్పటికి వాళ్లకు 55, 27 మాత్రమే. ఇద్దరికీ ఒకటేసి కలిపితే తేడా మారదు గానీ, రెట్టింపు ఒక ఏడు ముందుకు జరుగుతుంది. ఇద్దరికీ ఒకే పద్ధతి వాడితే మీ మాటకు మీ జవాబు నిలుస్తుంది. ప్రమాదం ఎక్కడంటే, తండ్రికి నిండినవి 44 చెప్పి, కొడుక్కి "17 పడ్డది" అని చెప్పడం. ఇళ్లలో పిల్లల వయసు పెంచి, పెద్దల వయసు నిండినదాకే చెప్పడం మామూలే. అప్పుడు తేడా 27 అయిపోయి, జవాబు 10 వస్తుంది. 2035 మార్చిలో నిండినవి చూస్తే 54, 26, నడిచేవి చూస్తే 55, 27. ఎలా చూసినా రెట్టింపు కాదు.

జడ్చర్ల నుంచి
మా అమ్మ అచ్చంగా అలాగే చెప్తుంది. నా వయసు ఎప్పుడూ ఒకటి ఎక్కువే.

దేవరకొండ నుంచి
అయితే ప్రశ్నను ఇలా మార్చనా? "తండ్రీకొడుకుల పుట్టినరోజు ఒకటే. నేటితో తండ్రికి 44, కొడుక్కి 16 ఏళ్లు నిండాయి. ఇంకెన్నేళ్లకు తండ్రి వయసు కొడుకు వయసుకు రెట్టింపు అవుతుంది?"

మిర్యాలగూడ నుంచి
బాగుంది. పుట్టినరోజు ఒకటే అనడంతో నెలల గొడవ పోయింది, తేడా ఏడాది పొడుగునా 28గానే కనిపిస్తుంది, జవాబు 12 ఒక్కటే. తెలివైన పిల్లలుంటే మాత్రం రెండోవారం మీ ఇంటి తేదీలిచ్చి, రెండు విడతలూ వాళ్లచేతే కనిపెట్టించండి.

వనపర్తి నుంచి
"వయసుకు" అని మార్చినందుకు సంతోషం.

హాలియా నుంచి
అన్నా, మా ఊళ్లో "కంటే డబుల్", "కంటే రెట్టింపు" అనే అంటరు, ఎవరికీ 88 అని అర్థం కాదు. వ్యాకరణం ఒప్పుకోదంటే ఏ సూత్రం ప్రకారమో చెప్పండి.

వనపర్తి నుంచి
సూత్రం సంఖ్య అడిగితే చెప్పలేను తమ్ముడూ, నా చెవికి "కంటే రెట్టింపు" అంటే రెట్టింపు కన్నా ఇంకా ఎక్కువన్నట్టు వినిపిస్తుంది. "వంద కంటే రెట్టింపు" అంటే నువ్వు 200 అంటావా, 300 అంటావా?

హాలియా నుంచి
200.

నారాయణపేట నుంచి
నేనూ 200 అనే అంటాను. కానీ "వంద కంటే రెండు రెట్లు ఎక్కువ" అంటే మాత్రం ఆగి ఆలోచిస్తాను.