రచయిత ఈ మాట ఇక్కడే ఎందుకు చెప్పారు? జీఆర్‌ఈ పాసేజీ ప్రశ్నలపై చర్చ

అలిపిరి_చదువరి (తిరుపతి):
పాసేజీ మొత్తం అర్థమైన తర్వాత కూడా, రచయిత ఫలానా వివరాన్ని ఎందుకు ప్రస్తావించారని అడిగే ప్రశ్న దగ్గర రెండు ఆప్షన్ల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. మా స్టడీ గ్రూపులో సాధన కోసం తయారుచేసుకున్న ఒక పేరా సారాంశం ఇది.

ఎగుమతి అరటి తోటలన్నీ ఒకే రకానివి కాబట్టి ఒక తెగులు వస్తే అన్నీ కలిసే దెబ్బతింటాయని రచయిత మొదలుపెడతారు. 1950ల వరకు ఎగుమతి మార్కెట్‌లో ముందున్న గ్రోస్ మిషెల్ రకం పనామా తెగులుకు బలైందంటారు. ఆ తెగులును తట్టుకున్న కావెండిష్ దాని స్థానంలోకి వచ్చిందన్నది తర్వాతి వాక్యం. అయితే ఆ తెగులే టీఆర్4 అనే కొత్త రూపంలో వచ్చి ఇప్పుడు కావెండిష్‌ను కూడా చంపుతోందని ముగిస్తారు.

కావెండిష్ తట్టుకున్న సంగతిని ఎందుకు చెప్పారన్నది ప్రశ్న. ఆప్షన్లు: (ఎ) తెగులును తట్టుకోవడంలో కావెండిష్ మెరుగని చూపడానికి, (బి) ఒకప్పుడు ఫలించిన పరిష్కారాన్ని ఒప్పుకొని, దాని పరిమితిని చెప్పబోవడానికి, (సి) ఒకే రకం సాగు ప్రమాదకరమన్న వాదనను బలపరచడానికి. జవాబు (బి) అన్నారు. (ఎ)లోని మాట పాసేజీలో స్పష్టంగా ఉన్నప్పుడు అది ఎందుకు తప్పవుతుందో ఎవరైనా వివరించగలరా?

పీలేరు_ఇంజినీరు:
ఉదాహరణ కనిపించగానే దానికి పైనున్న వాదనను వెతకడం నా పద్ధతి, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ లెక్కన పేరా మొదటి వాక్యమే వాదన కాబట్టి నేనైతే (సి) పెడతాను.

పలమనేరు_మేడమ్:
మీ ఇద్దరి సందేహాలూ వేర్వేరు, విడిగా చూద్దాం. (ఎ) చెప్పేది నిజమే, కానీ అది రచయిత ఏమన్నారో తిరిగి చెబుతుంది తప్ప ఆ మాటతో ఏ పని చేయించుకున్నారో చెప్పదు. ఈ తరహా ప్రశ్నల్లో నా విద్యార్థులు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే, ఎందుకంటే పాసేజీలోని పదాలే ఆప్షన్‌లో కనబడితే చేయి అటే పోతుంది.

నేను వాడే పరీక్ష ఒకటి ఉంది. ఆ వాక్యాన్ని తీసేసి పేరాను మళ్లీ చదవండి. గ్రోస్ మిషెల్ పోయింది, అయితే టీఆర్4 కావెండిష్‌ను కూడా చంపుతోంది అని వస్తుంది. ఆ ‘అయితే’కు ఎదురు నిలిచే మాట పోయింది, కావెండిష్ ఎక్కడి నుంచి ఊడిపడిందో కూడా తెలియదు. అంటే ఆ వాక్యం చేస్తున్న పని కింది వాక్యం కోసం.

ఇంజినీరు గారి పద్ధతి గ్రోస్ మిషెల్ గురించి అడిగి ఉంటే సరిగ్గా పనిచేసేది, అప్పుడు (సి)యే జవాబు. కావెండిష్ వాక్యం మాత్రం, విడిగా చూస్తే, రచయిత వాదనకు కొంచెం ఎదురుగా నడుస్తుంది: రకం మారిస్తే గండం గట్టెక్కిందని చెబుతోంది కదా. ఎదురుగా నడిచే మాటను రచయిత తానే తెచ్చారంటే, దానికి సమాధానం చెప్పబోతున్నారని అర్థం. కాబట్టి పైకి మాత్రమే కాకుండా కిందికి కూడా చూడాలి.

చిత్తూరు_రైతుబిడ్డ:
మాకు అరటి తోట ఉందండి. మేము వేసే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ జాతిదే, మా దగ్గర ఇప్పటికీ బాగానే పండుతోంది. కావెండిష్ మెరుగన్న మాటే నిజం కాబట్టి (ఎ)కు మార్కు ఇవ్వాలని నా అభిప్రాయం.

పలమనేరు_మేడమ్:
మీ తోట చల్లగా ఉండాలి బాబూ. కానీ ప్రశ్న అరటి గురించి కాదు, ఆ పేరాలో రచయిత నడక గురించి. తెలిసిన విషయం వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మన అనుభవం చెప్పే జవాబు పేరా చెప్పే జవాబును పక్కకు నెట్టేస్తుంది.

అలిపిరి_చదువరి:
ధన్యవాదాలు మేడమ్, (ఎ) సంగతి తేటపడింది. మరి సమయం మాటేమిటి? మొదటి వెర్బల్ సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలే ఉన్నప్పుడు వాక్యం తీసేసి మళ్లీ చదవడం కుదురుతుందా?

పలమనేరు_మేడమ్:
ప్రతి ఆప్షన్‌కూ చేయనక్కర్లేదు, రెండు మిగిలినప్పుడు ఒక్కసారి చేస్తే చాలు. అంతకన్నా, మొదటిసారి చదివేటప్పుడే మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగడం మంచిది.

పీలేరు_ఇంజినీరు:
ఆగడం నాకు నచ్చదు, ముందు ప్రశ్న చూసుకొని ఆ వాక్యం చుట్టూ చదవడమే నాకు కలిసొచ్చింది. కింది వాక్యం కూడా చూడాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. కొన్ని పాసేజీలు ఉదాహరణతోనే మొదలై, అసలు వాదన రెండో పేరా చివర గానీ బయటపడదు. అక్కడ చుట్టుపక్కల వాక్యాల్లో ఏమీ దొరకదు, వాక్యం తీసేసినా ఏమీ తెగినట్టు అనిపించదు. అలాంటి వాటికి మేడమ్ ఏం చేస్తారు?

పలమనేరు_మేడమ్:
అక్కడ నా పరీక్ష నిజంగానే బలహీనపడుతుంది. వాదన దొరికేదాకా చదివి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి ఉదాహరణను చూడమంటాను, కానీ అది సమయం తినే పని. మీ దగ్గర అలాంటి పాసేజీ ఉంటే సారాంశం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.