‘తెలియజేయడమైనది’: తెలియజేసింది ఎవరు?

బెజవాడ_డీటీపీ: గవర్నర్‌పేటలో మాది టైపింగ్ షాపు. ఓ దుకాణదారు సర్క్యులర్ తెచ్చి, ముంబైలో ఉన్న వాళ్ల హెడ్డాఫీసుకు ఇంగ్లీషులో కావాలన్నాడు. అసలు వాక్యాలివి: “పై సూచికలోని ఉత్తర్వుల ననుసరించి, నగర పరిధిలోని వ్యాపారులందరూ తమ ట్రేడ్ లైసెన్సులను ఈ నెల 31వ తేదీలోగా పునరుద్ధరించుకొనవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది. గడువు మీరిన యెడల నిబంధనల మేరకు చర్యలు తీసుకొనబడును.” నేను “యాజ్ పర్ ది అబౌ ఇండెక్స్, ఇట్ ఈజ్ హియర్‌బై ఇన్ఫార్మ్‌డ్ దట్...” అని మొదలుపెట్టాను. చదివితే నాకే అర్థం కావట్లేదు. ఎలా రాయాలి?

సూటిమాట: మొదటి ఆరు మాటలూ కొట్టేయండి. “వ్యాపారులు లైసెన్సు రెన్యూ చేసుకోవాలి, లేకపోతే మేం చర్య తీసుకుంటాం.” ఇంగ్లీషులో ఇంతే: ట్రేడర్స్ మస్ట్ రెన్యూ, ఆర్ వుయ్ విల్ టేక్ యాక్షన్.

పాతఫైళ్లు: ముందు ఆ ‘ఇండెక్స్’ తీసేయండి బాబూ. నిఘంటువులో సూచిక అంటే అదే కనిపిస్తుంది గానీ, సర్క్యులర్ పైన ‘విషయం’ కింద వచ్చే సూచిక ‘రిఫరెన్స్’. అక్కడున్న ఉత్తర్వు నంబరు, తేదీ నేరుగా వాక్యంలో పెడితే ‘పై సూచిక’ అవసరమే ఉండదు. ‘ఈ నెల’ కూడా అలాగే. కాగితం పైన తేదీ చూసి నెల పేరు, సంవత్సరం వేయండి. ముంబై వాళ్లు ఎప్పుడు చదువుతారో తెలియదుగా.

ఇక ‘తెలియజేయడమైనది’. సర్క్యులర్ అంటేనే తెలియజేయడం, మళ్లీ చెప్పనక్కర్లేదు. బాధ్యత ‘పునరుద్ధరించుకొనవలసిన’లో ఉంది, చేసేది వ్యాపారులు. కాబట్టి ట్రేడర్స్ మస్ట్ రెన్యూ. ఇక్కడి దాకా సూటిమాట గారితో నాకు పేచీ లేదు. రెండో వాక్యంలో ‘వుయ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

కొత్తపేట_లాయరు: ఏది రాసినా జాగ్రత్త. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది.

పాతఫైళ్లు: లాయరు గారూ, అది చట్టాలు, ఆర్డినెన్సులు, చట్టం కింద చేసే రూల్సు లాంటి వాటికి. వాటికైనా గవర్నర్ అధికారంతో ప్రచురించిన అనువాదానికే ఆ హోదా. టైపింగ్ షాపు అనువాదానికి కాదు. ఇది అర్థం కావడానికి రాసే కాపీ.



సూటిమాట: అర్థం కావడానికే అంటున్నారుగా! మరి ఎవరు చర్య తీసుకుంటారో చెప్పకపోతే ఏం అర్థమవుతుంది? కర్త లేని వాక్యం వెనక దాక్కోవడం ఆఫీసులకి అలవాటు. మా నాన్నకి గుంటూరులో కిరాణా కొట్టు. ఓ నోటీసుకి ఇంగ్లీషు కాపీలో ‘బిఫోర్ 31’ అని వేశారు. 31న వెళ్తే కౌంటర్లో “గడువు నిన్నే అయిపోయింది” అన్నారు. తెలుగులో ‘31లోగా’ అనే ఉంది. ఆ ఏడాది జరిమానా కట్టాం.

పాతఫైళ్లు: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ అది నా మాటకే సాక్ష్యం. అనువాదకుడు తేలికపాటి మాట వేసి ఒక రోజు తినేశాడు. అక్కడ ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని వేయాలి.

బ్రాడీపేట_కుర్రాడు: వెయ్యి లోపు అంటే వెయ్యి రాదుగా?

పాతఫైళ్లు: ధరల్లో నీ ఇష్టం నాయనా. ఆఫీసులో 31లోగా అంటే 31 సాయంత్రం కౌంటర్ మూసేదాకా.

సూటిమాట: దొరికారు. ‘31తో సహా’ అని తెలుగులో ఎక్కడుంది? మీరే తేల్చి వేశారు. మీరు తేలిస్తే అనువాదం, నేను తేలిస్తే కల్పనా? ‘పాతఫైళ్లు’ అనే పేరు ఊరికే పెట్టుకోలేదు మీరు.

పాతఫైళ్లు: పేరు జోలికి వద్దు. ముప్పై ఏళ్లు ఆ కాగితాలతోనే బతికాను. 31లోగా అంటే ఏమిటో వాడుక చెబుతోంది, కౌంటర్లో ఎవరినడిగినా చెబుతారు. ‘తీసుకొనబడును’లో ఎవరో మాత్రం ఆ కాగితం చెప్పడం లేదు. సంతకం చేసినాయనకి జరిమానా వేసే అధికారం ఉందో లేదో నాకూ తెలీదు, మీకూ తెలీదు. ఒకసారి ఇలాగే ‘వుయ్’ వేసిచ్చాను. “మేమెప్పుడన్నాం?” అని ఆ సెక్షన్ వాళ్లు పిలిచి నిలబెట్టారు. అందుకే కర్త ఉన్న చోట మస్ట్, లేని చోట ‘యాక్షన్ విల్ బి టేకెన్ అండర్ ద రూల్స్’. ‘నిబంధనల మేరకు’ కూడా వదలకూడదు. అది పోతే ఏ చర్యైనా తీసుకోవచ్చనే అర్థం వస్తుంది.

సూటిమాట: అంటే తెలుగులో మసక ఉంటే ఇంగ్లీషులోనూ మసకే ఉంచాలన్నమాట.

పాతఫైళ్లు: ఉంచాలి. తుడవాల్సింది రాసినవాడు, మనం కాదు.

సూటిమాట: చదివేవాడు ఏమైపోయినా సరే. ఒప్పుకోను.

బెజవాడ_డీటీపీ: మొదటి వాక్యం ఇలా కట్టాను: ‘అండర్ ది ఆర్డర్ సైటెడ్’ తర్వాత నంబరు, తేదీ, ఆపై ‘ఆల్ ట్రేడర్స్ ఇన్ ద సిటీ మస్ట్ రెన్యూ దెయిర్ ట్రేడ్ లైసెన్సెస్ ఆన్ ఆర్ బిఫోర్’, తేదీ. సగానికి పైగా తగ్గింది. రెండోదాని కోసం సంతకం చూశాను. అక్కడ ‘కమిషనరు వారి తరఫున’ అని ఉంది, పేరు లేదు.

సూటిమాట: ‘తరఫున’ అంటే ‘వుయ్’ కాదూ?

పాతఫైళ్లు: ఎవరి తరఫున సంతకం పెట్టారో ఆయన చర్య తీసుకుంటాడనా? రేపు పొద్దున ఆ సెక్షన్‌కి ఫోన్ చేసి అడగండి బాబూ, వాళ్లేం చెబుతారో ఇక్కడ రాయండి.