ఒకే వ్యాసానికి ఒకరు 17, ఇంకొకరు 9: ఏ మార్కు నిలబెట్టాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి
మా ఊళ్లో తెలుగు పిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టాం. అంశం ‘మా ఊరి సంత’, 20 మార్కులు. నలభై పేపర్లనీ ఇద్దరు విడివిడిగా దిద్దారు. ఒక పేపరుకి మా ఊరి రిటైర్డ్ మాస్టారు 17 వేశారు, విశాఖ నుంచి వచ్చిన లెక్చరర్ గారు 9 వేశారు. సగటు తీసి 13 వేసేయమంటున్నారు కమిటీవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. మధ్యలో ఉన్నవాణ్ని, ఏం చేయమంటారు?

కోరాపుట్ కాఫీ
దీనికింత టెన్షన్ ఎందుకండీ? పీజీ పేపర్లకి చాలా యూనివర్సిటీల్లో ఉన్న పద్ధతే. తేడా ఒక హద్దు దాటితే మూడో మనిషికి ఇస్తారు, మూడింట్లో దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీస్తారు. గొడవ వదిలిపోతుంది.

బరంపురం మాస్టారు
మూడో ఆయన కూడా 13 వేశాడనుకోండి. అటు నాలుగు, ఇటు నాలుగు. ఏ రెండు దగ్గర? 14 వేస్తే మాస్టారు గెలిచినట్టు, 12 వేస్తే లెక్చరర్ గారు గెలిచినట్టు. ఒక్క మార్కు అటూ ఇటూ అయితే పిల్లవాడి తలరాత మారిపోతుంది. ఇద్దరి మధ్య తేడా చిన్నదైనప్పుడు మూడో మనిషి పనికొస్తాడు. ఎనిమిది మార్కుల తేడా అంటే ఇద్దరూ ఒకే విషయానికి మార్కులు వేయలేదని అర్థం. ముందు అది తేల్చుకోవాలి.

మహేంద్రతనయ గారూ, రెండు సంగతులు చెప్పండి. మిగతా పేపర్లలో ఇద్దరి మార్కులు ఎలా ఉన్నాయి? మార్కులు విడగొట్టి వేశారా, మొత్తంగా ఒకే అంకె వేశారా?

మహేంద్రతనయ
మిగతావాటిలో లెక్చరర్ గారు ఇంచుమించు రెండు మార్కులు తక్కువ వేస్తూ వచ్చారు. ఇంత తేడా ఈ ఒక్క పేపరుకే. విషయానికి 8, అమరికకి 4, భాషకి 5, అక్షరదోషాలకి 3 అని ముందే అనుకున్నాం గానీ, ఇద్దరూ మొత్తమే రాశారు.

గుణుపురం అమ్మ
మా వాడికి పదోక్లాసు తెలుగులో 41 వచ్చాయండీ, వాడు 70 దాటుతుందన్నాడు. మళ్లీ దిద్దించడానికి ఎక్కడ అప్లై చేయాలో ఎవరైనా చెప్తారా?

బరంపురం మాస్టారు
అమ్మా, అది బోర్డు వ్యవహారం. హెడ్మాస్టరు గారిని అడగండి. అడిగేటప్పుడు మళ్లీ దిద్దుతారా, ఉన్న మార్కులు మళ్లీ కూడి చూస్తారా అన్నది మాత్రం తప్పకుండా తెలుసుకోండి. కూడిక ఒక్కటే అయితే వ్యాసం మార్కు కదలదు.

మహేంద్రతనయ గారూ, ఎనిమిదిలో రెండు లెక్చరర్ గారి చేతి బిగువు. అన్ని పేపర్లకీ ఉంది కాబట్టి వరస మారదు, దాని గురించి వాదన అక్కర్లేదు. మిగిలిన ఆరు ఈ పేపరువి. పేపరు జిరాక్సు తీయించి, మార్కులూ ఎర్రగీతలూ కనపడకుండా చేసి, ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వండి. నాలుగు గళ్లూ నింపమనండి. ప్రతి గడికీ పేపర్లో ఏ వాక్యం చూసి ఆ మార్కు వేశారో పక్కన రాయమనండి. ఆ తర్వాతే కూర్చోబెట్టండి. ముందే కూర్చోబెడితే వయసులో పెద్దాయన మాటో, హోదాలో పెద్దాయన మాటో నెగ్గుతుంది, పేపరు ఎవరూ చూడరు.

రాయగడ రైలు
ఎన్ని గళ్లు గీసినా అంతేనండీ. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు పేపరుని వందమందికి పైగా టీచర్లకి పంపితే ఒకరు 50 దగ్గర వేశారు, ఇంకొకరు 90 దాటించారు. వ్యాసానికి సరైన మార్కంటూ ఉండదు. సగటు వేసి ఊరుకోవడమే నయం.

బరంపురం మాస్టారు
ఆ టీచర్లు ఎవరి స్కూలు కొలతతో వాళ్లు దిద్దారు బాబూ. ఒక కొలత అనుకుని దిద్దినవాళ్లు కారు. కొలత ఒకటైతే తేడా పూర్తిగా పోదు, తగ్గుతుంది. మనకి కావలసింది అంతే.

మహేంద్రతనయ
మీరు చెప్పినట్టే చేశాను. మాస్టారు విషయానికి 8, అమరికకి 3, భాషకి 4, అక్షరదోషాలకి 2 వేశారు. లెక్చరర్ గారు 5, 2, 1, 1. ఇద్దరికీ మళ్లీ పాత మొత్తాలే వచ్చాయి.

పేపరు సంగతి చెప్తాను. సవర ఆడవాళ్లు కొండచీపుర్లు, చింతపండు దింపడం, కాటా దగ్గర షావుకారు వేలు ఆనించడం రాశాడు కుర్రాడు. రెండో పేజీ అంతా ఆ షావుకారు దగ్గర వాళ్ల అప్పు. అది సంత కాదని లెక్చరర్ గారు విషయంలో మూడు తీశారు. భాషలో ఆయన గీత పెట్టినవి ‘గుంటడు’, ‘బేగి’, ‘ఎల్లినాను’, ఇంకా ‘ళ’ రాయాల్సిన చోట ‘ల’ రాసినవి. ఆ ‘ల’లనే మళ్లీ అక్షరదోషాల్లోనూ గీశారు.

బరంపురం మాస్టారు
అదిగో దొరికింది. ఒక తప్పుకి రెండు గళ్లలో కోత. ‘ల’ తప్పు అక్షరదోషాల గడిలోనే పోవాలి, భాష గడి జోలికి రాకూడదు. ఇది అభిప్రాయభేదం కూడా కాదు, లెక్క తప్పు. లెక్చరర్ గారికి చూపిస్తే ఒప్పుకుంటారు.

విషయం సంగతి వేరు. అప్పు సంతలోనే పుట్టి సంతలోనే తీరేదైతే అది అంశం లోపలిదే. కానీ పేజీ మొత్తం దానికే పోయిందంటే 8కి 8 కూడా కుదరదు. కాటా మీద వేలు చదివి మాస్టారి మనసు కరిగింది, చేయి జారింది. నేను 7 అంటాను. అప్పు కథ సంతతో ముడిపడే ఉంది కనక అమరికకి 3. అక్షరదోషాలకి 1, అందులో లెక్చరర్ గారిదే న్యాయం.

యాస మాత్రం మీ కమిటీ తేల్చాలి. శిష్టభాషలోనే రాయాలని పిల్లలకి ముందు చెప్పారా?

మహేంద్రతనయ
చెప్పలేదు.

బరంపురం మాస్టారు
చెప్పని నిబంధనకి మార్కు తీయకూడదు. భాషకి 3 ఇవ్వవచ్చు, అదీ రెండుచోట్ల వాక్యం తెగిపోయి ఉంటేనే ఆ కోత. మొత్తం 14.

సిక్కోలు పంతులమ్మ
ఇక్కడ నేను ఒప్పుకోను మాస్టారూ. ఒడియా మీడియంలో చదువుతూ తెలుగు రాసే పిల్లలకి శిష్టభాష నేర్పే చోటు ఇలాంటి పోటీలే. ‘ఎల్లినాను’కి కోత లేదంటే, కష్టపడి ‘వెళ్లాను’ అని రాసిన పిల్లకి ఏమిచ్చినట్టు? సంభాషణలో వస్తే సరే, కథనంలో వస్తే ఒక మార్కు పోవాలి.

రాయగడ రైలు
గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ పర్లాకిమిడి. స్కూల్ ఫైనల్లో వ్యాసం ఏ భాషలో రాయాలని నూరేళ్ల కిందటే కొట్టుకున్నారు. మీరిప్పుడు మళ్లీ మొదలెట్టారా!

కోరాపుట్ కాఫీ
ఇంతకీ సగటు 13, మీది 14. ఒక్క మార్కు కోసమా ఇంత తతంగం?

బరంపురం మాస్టారు
ఈ పేపరు వరకైతే ఒక్క మార్కే. సగటు వేసుంటే ఆ రెండు గళ్ల కోత బయటపడేది కాదు. ‘ళ’ దగ్గర తడబడిన ప్రతి పిల్లవాడి పేపర్లోనూ అదే పడి ఉంటుంది. వాళ్లలో లెక్చరర్ గారు అదనంగా తీసిన రెండు మార్కులు నిజంగా చేతి బిగువేనా, ఇదేనా అని ఇప్పుడు నాకే అనుమానం. నిన్న వరస మారదన్నాను గానీ, ఇదైతే మారుతుంది. నలభై మళ్లీ దిద్దక్కర్లేదు. ఆయన గీతలున్న పేపర్లలో భాష గడి ఒక్కటి ఆయన చేత నింపించి చూడండి.

పంతులమ్మ గారి మాటలో బలముంది. కానీ అది వచ్చే ఏడు ప్రశ్నపత్రం మీద రాయవలసిన మాట.

సిక్కోలు పంతులమ్మ
ఈ ఏడు ‘వెళ్లాను’ రాసినవాళ్ల మాటేమిటి మరి?

మహేంద్రతనయ
రెండుసార్లు కోత పడిన సంగతి లెక్చరర్ గారు చూడగానే ఒప్పుకున్నారు. విషయానికి 7 దగ్గర ఇద్దరూ సరే అన్నారు. యాస దగ్గర మాత్రం ఆయన 2 దాటనంటున్నారు, మాస్టారు 4 దిగనంటున్నారు. నా సంతకంతో 3 వేసి, ఇద్దరి అభ్యంతరాలూ పేపరు వెనక రాయించాను. మిగతావాటి భాష గడి రేపు పొద్దున్నుంచి చూస్తాం. ఫలితాలు ఆదివారం అన్నాం, బుధవారానికి వాయిదా వేశాం. కమిటీవాళ్లు నా మీద కారాలు మిరియాలు నూరుతున్నారు.